మూడో గుండ్రం

బోధన్ నుంచి నిజామాబాద్ ఎంత దూరమని ఎవరినైనా అడగండి, బస్సెక్కితే గంట అంటారు. వర్షను అడిగితే మాత్రం అంత తేలిగ్గా తేల్చేది కాదు. ఆమె స్నేహితురాలు సంజన ఇంటర్ అయ్యాక నిజామాబాద్ కాలేజీలో చేరి అక్కడే హాస్టల్లో ఉండిపోయింది. వర్ష బోధన్‌లోనే డిగ్రీ చదువుతోంది. ఆ గంట ప్రయాణం గురించి ఈ పిల్ల మాట్లాడుతుంటే మధ్యలో సముద్రమేదో ఉందనుకోవాలి.

ఇద్దరిదీ బీకామ్. ఒకటే యూనివర్సిటీ, ఒకటే టైంటేబుల్. పోయిన సెమిస్టర్‌లో ఇద్దరూ స్టాటిస్టిక్స్ తప్పారు. తప్పడానికి కారణం లెక్కలు రాకపోవడం కాదు, రోజుకు రెండు గంటలు ఫోన్లో మాట్లాడుకోవడం. మొదటి గంట లెక్కల గురించే మొదలయ్యేది. రెండో గంటకు ఎవరెవరి సంగతులో వచ్చేవి. అందుకని ఈసారి గట్టిగా ఒట్టు పెట్టుకున్నారు. చివరి పేపరు అయ్యేదాకా ఫోన్ చేసుకోవద్దు, మెసేజ్ రాసుకోవద్దు. ఇన్‌స్టా గిన్‌స్టా అన్నీ ఫోన్లోంచి తీసేశారు. మిగిల్చుకున్నది ఒక్కటే, పాటల యాప్‌లో కలిసి వినే సెషన్.

అది ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇద్దరికీ డబ్బు కట్టిన ఖాతా ఉండాలి, వేరే వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు కలిసి వినాలంటే ఆ యాప్ పెట్టిన షరతు అది. ఒకరు సెషన్ మొదలుపెడతారు. వాళ్లే హోస్ట్. అప్పుడొక లింకు వస్తుంది. దాన్ని రెండోవాళ్లు నొక్కితే లోపలికొస్తారు. ఇక అక్కడ ఏ పాట ఏ చరణంలో ఉంటే ఇక్కడా అదే చరణం. ఒకరు ఆపితే ఇద్దరికీ ఆగుతుంది. ఒకరికి నెట్ తడబడితే, తేరుకున్నాక వెనకబడ్డ చోటునుంచి కాక అవతలివాళ్లున్న చోటికే గెంతి కలుస్తుంది. సౌండ్ మాత్రం ఎవరిది వారిదే. లోపలున్నవాళ్లకు తలా ఒక చిన్న గుండ్రం, అందులో ఫొటో గానీ పేరులో మొదటి అక్షరం గానీ. వరసలో చేర్చిన ప్రతి పాట పక్కనా ఆ పాటను ఎవరు చేర్చారో వాళ్ల గుండ్రం కనిపిస్తుంది. వరస అయిపోవస్తే లోపలున్నవాళ్లందరి ఇష్టాలూ కలిపి యాప్ తనే పాటలు సూచిస్తుంది. హోస్ట్ బయటికి పోతే సెషన్ అందరికీ ముగిసిపోతుంది. హోస్ట్‌కు ఇంకొక అధికారం కూడా ఉంది. ఎవరి పేరైనా నొక్కి, వాళ్లను బయటికి తీసేయొచ్చు.

హోస్ట్ ఎప్పుడూ వర్షే. పొద్దున ఆరింటికి సెషన్ మొదలుపెట్టి సంజనకు వాట్సాప్‌లో లింకు పంపేది. ఒట్టులో ఆ ఒక్క లింకుకే మినహాయింపు, దాని కింద అక్షరం ముక్క రాయకూడదు. యాభై నిమిషాల పాటు మాటల్లేని సంగీతం, వేణువో వీణో వాన చప్పుడో. అంతసేపూ చదువు. తర్వాత రెండు సినిమా పాటలు, వర్షదొకటి, సంజనదొకటి. అది విరామం. మళ్లీ యాభై నిమిషాలు. గడియారం చూడాల్సిన పనే లేదు. బోధన్ షక్కర్‌నగర్‌లో వర్ష తల్లి భీమవ్వ బీడీల చాట ముందేసుకుని వసారాలో కూర్చుంటే, బిడ్డ లోపల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లెక్కలు చేసేది. పాటలు వింటూ చదువేందని భీమవ్వ అడిగింది మొదట్లో. సంజన కూడా ఇప్పుడు అదే వింటోందని చెబితే ఆమెకేం అర్థమైందో గాని, మళ్లీ బీడీల మీద పడింది.

మాట్లాడకూడదన్నారు గాని, ఊరుకుంటారా? రెండో రోజే దారి కనిపెట్టారు. పాట పేరులోని మొదటి మాటతో కబురు చెప్పుకోవడం. సంజన విరామంలో 'ఆకలి' అని మొదలయ్యే పాట చేరిస్తే హాస్టల్లో ఇంకా టిఫిను పెట్టలేదని. వర్ష 'వద్దు' అని మొదలయ్యేది చేరిస్తే ఆ చాప్టర్ ఇక చాలని. అలాంటి పాట దొరకడానికి కొన్నిసార్లు పది నిమిషాలు వెతికేవారు. చదువుకోవాల్సిన పది నిమిషాలు అవి, అయినా రెండు గంటల ఫోన్‌తో పోలిస్తే నయమే కదా.

అన్నిటికంటే ముఖ్యమైనది బయల్దేరే పాట. సంజనకు పరీక్ష భయం. ఇంటర్‌లో ఒకసారి పేపరు చేతికిచ్చాక వేళ్లు బిగుసుకుపోయి అరగంట పెన్ను పట్టుకోలేకపోయింది. అందుకని పరీక్ష రోజు ఎనిమిదిన్నరకు ఒక పాట, ఇద్దరూ ఇంటర్ చదివేటప్పుడు బస్సులో వినే పాట, ఇద్దరూ కలిసి విని, అది అయిపోగానే చెప్పులు వేసుకోవాలని పెట్టుకున్నారు. మొదటి రెండు పేపర్లకూ అలాగే బయల్దేరారు. సంజన చేతులు వణకలేదు. అది తన వల్లేనని వర్షకు గొప్ప ధైర్యం, గొప్ప గర్వం కూడా.

ఆ గర్వం మీద రెండో పేపరు అయిన మర్నాడే నీళ్లు పడ్డాయి. సెషన్‌లో మూడో గుండ్రం కనిపించింది. లోపల 'డి' అన్న అక్షరం. నొక్కి చూస్తే పేరు దీక్షిత.

దీక్షిత ఎవరో వర్షకు తెలుసు. సంజన గదిలో ఉండే పిల్ల, వీళ్లకంటే ఒక ఏడాది చిన్నది, భీమ్‌గల్ నుంచి వచ్చింది. ఒట్టుకు ముందు సంజన నోట ఆ పేరు రోజుకు నాలుగైదుసార్లు వచ్చేది. దీక్షిత ఇట్ల జెప్పింది, దీక్షిత గట్ల పాడింది. వర్ష ఊఁ కొట్టేది, మాట మార్చేది. ఇప్పుడు ఆ దీక్షితే లోపలికి వచ్చి కూర్చుంది. సంజనే లింకు పంపి ఉంటుంది. ఒకే గదిలో ఇద్దరు చదువుకుంటున్నప్పుడు ఒక్కదానికే సంగీతమెందుకని అనుకుని ఉంటుంది. వర్షకు అది తట్టకపోలేదు. తట్టినా కడుపులో మంట తగ్గలేదు. అడగకుండా పంపింది కదా అన్నదే ఆమె బాధ. అడిగితే సరేననేదా అంటే, అనేది కాదు.

దీక్షిత ఏమీ అల్లరి చేయలేదు. వర్షకు అదే మరీ కోపం తెప్పించేది. విరామానికి ఒక్క పాట చేర్చేది, అదీ ఎప్పుడూ చివర్న. చక్కటి పాటలే. వర్ష వాటిని దాటవేయాలని బటన్ దాకా వేలు తెచ్చి ఆగిపోయేది, దాటవేస్తే సంజనకు తెలుస్తుందని. ఒకరోజు దీక్షిత చేర్చిన జానపదం వర్షకు నిజంగానే నచ్చింది. ఆ రోజంతా ఆమెకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

యాప్ కూడా పక్షం మార్చింది. ఇంతకుముందు అది సూచించే పాటల్లో సగం వర్షకు ఇష్టమైనవి, సగం సంజనవి. ఇప్పుడు భజనలూ బతుకమ్మ పాటలూ వచ్చి చేరాయి, మూడో మనిషి ఇష్టాన్నీ కలుపుకుని. దానికేం తెలుసు, లెక్క ప్రకారం కలిపింది. వర్షకు మాత్రం తన ఇంట్లో ఎవరో సామాను సర్దుతున్నట్టు ఉండేది. ఒకసారి సంజన వరసగా రెండు జానపదాలు చేర్చింది. సంజనకు జానపదాలు ఎప్పటినుంచి ఇష్టం? ఏడేళ్ల స్నేహంలో ఒక్కసారైనా విన్నదా? ఆ రెండు పాటల సేపూ వర్ష చాప్టర్ మూసి, వేళ్లు విరుచుకుంటూ కూర్చుంది.

సోమవారం స్టాటిస్టిక్స్. ఇద్దరూ పోయిన సెమిస్టర్‌లో తప్పినది. పది గంటలకు పేపరు.

ఆ రోజు ఆరింటికి లింకు పంపితే వెంటనే సంజన వచ్చింది. వెనకే దీక్షిత వచ్చింది. దీక్షితకు పేపరు మధ్యాహ్నం రెండింటికి, అయినా పొద్దున్నే హాజరు. ఏడు కాబోతుండగా వేణువు అయిపోయి విరామం వచ్చింది. సంజన 'భయం' అని మొదలయ్యే పాట చేర్చింది. వర్ష వెతికి వెతికి 'లేదు' అని మొదలయ్యేది పట్టుకుని చేర్చింది. సంజన ఇంక చదువులో పడినట్టుంది, వాన చప్పుడు మొదలైంది. ఈ కాస్తలో మూడో గుండ్రం తలదూర్చలేదు. వర్షకు ప్రాణం హాయిగా ఉంది.

ఎనిమిదికి సంజన గుండ్రం మాయమైంది.

నెట్ పోయి ఉంటుందనుకుంది వర్ష. నిమిషం ఆగింది. ఐదు నిమిషాలు ఆగింది. రెండు గుండ్రాలే ఉన్నాయి, తనదీ దీక్షితదీ. ఒకే గది, ఒకే వైఫై. దీక్షితకు పోని నెట్ సంజనకే పోతుందా? అయితే కావాలనే బయటికి పోయింది. బయల్దేరే పాట వినకుండానే పోయిందా? దీక్షిత పక్కనే ఉండగా నా పాటెందుకనుకుందా? ఒక్కొక్క ఆలోచనా దాని ముందటి దానికంటే నీచంగా ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేదు.

ఎనిమిదీ పదికి వరసలోకి కొత్త పాట వచ్చింది. పక్కన 'డి' గుండ్రం. పాట పేరు 'నేనే' అని మొదలవుతుంది.

వర్ష ఆ మాట రెండుసార్లు చదివింది. పాట పేర్ల భాష ఇద్దరిది. ఆ భాషను దీక్షితకు నేర్పింది ఎవరు? సంజనే. నేర్పితే నేర్పింది, ఈ పిల్ల దానితో ఏమంటోంది? ఇప్పుడు నేనే, ఇక్కడ నేనే, సంజనకు నేనే. ఎంత ధైర్యం. ఇరవై నిమిషాల్లో బయల్దేరే పాట ఉంది. ఆ పాట ఈ పిల్లతో కలిసి వినాలా?

వర్ష దీక్షిత పేరు నొక్కింది. 'సెషన్ నుంచి తీసేయి' అన్న మాట కనపడింది. అది కూడా నొక్కింది.

రెండు క్షణాల పని. 'డి' పోయింది, వరసలోని ఆ పాట మాత్రం ఉండిపోయింది. దాన్ని కూడా వేలితో పక్కకు జరిపి చెరిపేసింది. ఇక సంజన రావాలి. వస్తే లోపల ఇద్దరే ఉంటారు. లింకు మళ్లీ పంపింది. ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు. ఎనిమిదిన్నరకు ఒక్కతే పాట పెట్టుకుని వింది. చివరి చరణంలో ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పులేసుకుంది. భీమవ్వ పెరుగన్నం తినమంటే ఆకలి లేదని చెప్పింది.

పేపరు బాగానే రాసింది. ఆ ముక్క ఒప్పుకోవాలి, కోపంతో రాసినా లెక్కలు తప్పలేదు.

తర్వాత మూడు పేపర్లు. ప్రతి పొద్దునా ఆరింటికి సెషన్ మొదలుపెట్టి లింకు పంపింది. ప్రతిసారీ ఒక్క టిక్కే. ఫోన్ బందైనా ఒక్క టిక్కే, బ్లాక్ చేసినా ఒక్క టిక్కే. వర్ష మనసు రెండోదాని మీదే పడింది. సెషన్‌లో ఒక్క గుండ్రం, తనదే. యాప్ ఇప్పుడు అచ్చంగా ఆమె ఇష్టాలనే సూచిస్తోంది. ఒక్కొక్కటీ ఆమెకు నచ్చిన పాటే, ఒక్కటీ వినాలనిపించలేదు. ఒట్టు ప్రకారం ఫోన్ చేయకూడదు. చేస్తే ఒట్టు తప్పినట్టు, చేయకపోతే ఓడినట్టు. ఏమైతే అది అయిందని గురువారం చేసింది. స్విచాఫ్.

చివరి పేపరు శుక్రవారం అయింది. శనివారం పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కింది. తను దీక్షితను తీసేసిన సంగతి సంజన అడిగితే ఏమని చెప్పాలో దారి పొడుగునా తయారుచేసుకుంది. యాప్ ఏదో తప్పు చేసిందని అనాలి. అంతకంటే ఇంకొక దారి కనిపించలేదు. ఎడపల్లి దాటేసరికి ఆ అబద్ధం ఆమె నోటికి వచ్చేసింది.

హాస్టల్ గేటు దగ్గర వార్డెన్ సుమిత్రమ్మ పేరు రాయించుకుని పైకి పొమ్మంది. తలుపు తీసింది దీక్షిత. వర్ష ఇన్నాళ్లూ మనసులో కొంచెం పొడుగ్గా, కొంచెం బడాయిగా గీసుకున్న పిల్ల. ఎదురుగా ఉన్నది కళ్లజోడు పెట్టుకున్న చిన్న మనిషి, చేతిలో ఉతికిన బట్టలు. వర్షను చూడగానే మొహం కొంచెం మారింది. కూర్చోమని మంచం మీది పుస్తకాలు తీసింది, నీళ్లిచ్చింది.

సంజన బాత్రూం నుంచి తల తుడుచుకుంటూ వచ్చి ఒక్క ఉదుటున వర్షను వాటేసుకుంది. అంత గట్టిగా వాటేసుకుంటుందని వర్ష అనుకోలేదు. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. సంజన గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సోమవారం పొద్దున ఎనిమిదికి బకెట్లో నీళ్లు పడుతుంటే చేతిలోని ఫోన్ జారి బకెట్లో పడింది. బియ్యం డబ్బాలో పెట్టినా లేవలేదు. గాంధీచౌక్ దగ్గర షాపులో ఇచ్చింది, ఇవాళో రేపో వస్తుంది. వర్ష నంబర్ ఆ ఫోన్లోనే ఉంది, నోటికి ఎవరికొస్తుంది ఈ రోజుల్లో. అదృష్టం కొద్దీ దీక్షిత ఫోన్ అప్పటికే సెషన్‌లో ఉంది. దీక్షిత వెంటనే దాన్ని ఇయర్‌ఫోన్లతో సహా ఇచ్చేసింది.

"నీకు సమజ్ గావాలె అని 'నేనే' పాట పెట్టిన. దీక్షిత గాదు, నేనే ఉన్న అని. పెట్టినంక ఐదు నిమిషాలకే బయటపడ్డ. మల్ల లింకు నొక్కితె లోపలికి రానియ్యలే. మీ దిక్కు నెట్ పోయిందేమో అనుకున్న."

వర్ష నీళ్ల గ్లాసు కింద పెట్టింది. దీక్షిత అటు తిరిగి బట్టలు మడత పెడుతోంది. ఆ పిల్ల ఫోన్ మీద ఏం కనిపించి ఉంటుందో వర్షకు అప్పుడు తట్టింది. హోస్ట్ మిమ్మల్ని తొలగించారని రాసే ఉంటుంది. నెట్ పోయినట్టు రాయదు.

"గామె తీసేసింది అని దీక్షిత అన్నది," సంజన నవ్వింది. "నేను కొట్లాడిన. వర్ష గట్ల జెయ్యది, యాప్ల ఏదో గడ్‌బడ్ అయింది అని. ఇద్దరం పొద్దంత మాట్లాడుకోలే గా ముచ్చట మీద."

తయారుచేసుకున్న అబద్ధాన్ని సంజనే చేతికందించింది. తలూపితే చాలు. వర్ష తలూపబోయింది కూడా. దీక్షిత మడత పెట్టడం ఆపి ఇటు చూసింది, కోపంగా కాదు, వర్ష ఏమంటుందోనని.

"యాప్ గాదే," అంది వర్ష. "నేను తీసేసిన. నువ్వు అని ఎరుక లేదు. దీక్షిత అనుకున్న."

సంజన తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది.

"దీక్షిత అయితె తీసెయ్యొచ్చా?"

వర్ష బస్సులో ఇంత ఆలోచించింది గాని, ఈ ప్రశ్న వస్తుందని తట్టలేదు. దీక్షిత అంటే తనకు కుళ్లని, ఆ పిల్ల పేరు విన్నప్పటినుంచీ కుళ్లేనని, ఆ పిల్ల ఎదుటే చెప్పేసింది. దీక్షిత కళ్లజోడు తీసి తుడుచుకుంది. పోనీ లే అక్కా అని మెల్లగా అంది.

సంజన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని వర్షకు అనిపించింది. ఆ సోమవారం పొద్దున ఇంకేమైందో సంజన నెమ్మదిగా చెప్పింది. సెషన్ పోయాక చేతులు వణకడం మొదలైంది. ఇంటర్లో బిగుసుకున్నట్టే వేళ్లు బిగుసుకున్నాయి. పోనని కూర్చుంది. అప్పుడు దీక్షిత, మధ్యాహ్నం తన పేపరు ఉంచుకుని, సంజనను సెంటర్ దాకా నడిపించుకు వెళ్లింది. బయల్దేరే పాట దారంతా తనే పాడింది. నాలుగుసార్లు పాడింది. గేటు మూసేదాకా బయటే నిలబడి చేయి ఊపింది.

"మంచిగ రాసిన," అంది సంజన. "పాసైత."

వర్ష సంతోషపడింది. నిజంగానే పడింది. ఆ సంతోషం కింద పాత మంట అలాగే ఉంది, తగ్గలేదు. తను ఏడేళ్లలో ఒక్కసారి కూడా సంజనను సెంటర్ దాకా నడిపించలేదు. తను వేలితో రెండు క్షణాల్లో ఖాళీ చేసిన చోటులోకి ఆ పిల్ల నడుచుకుంటూ వచ్చేసింది.

మధ్యాహ్నం ముగ్గురూ హాస్టల్ మెస్‌లో తిన్నారు. దీక్షిత వర్షకు పప్పు వేసింది. సంజన ఆ మాట మళ్లీ ఎత్తకుండా పరీక్షల సంగతులు చెప్పింది, వార్డెన్‌ను అనుకరించింది, వర్షను రెండుసార్లు నవ్వించింది. బస్టాండ్ దాకా వచ్చి, బస్సెక్కే ముందు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది.

"వచ్చే సెమిస్టర్ గూడ పెట్టుకుందామే. గని ఈసారి సెషన్ దీక్షిత మొదలువెడ్తది. మనమిద్దరం లింకుతోని వద్దాం."

వర్ష సరేనంది. ఇంకేమనగలదు? బస్సు కదిలింది. ఊరు దాటి పసుపు చేలు మొదలయ్యేదాకా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. ఇక పేరు నొక్కే అధికారం దీక్షితది. ఏ పొద్దున కావాలంటే ఆ పొద్దున తనను బయటికి తీసేయొచ్చు. అయితే దీక్షిత ఎప్పటికీ తీసేయదు. ఆ సంగతి వర్షకు బాగా తెలుసు, అందుకే బోధన్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.